చెవిలో గులిమి: నీళ్ళు కొట్టించుకోవాలా, సక్షన్ చేయించుకోవాలా

తలస్నానం చేసి వచ్చాక ఒక చెవి దిమ్మెక్కి మూసుకుపోతుంది చూడండి, చాలామందికి గులిమి సంగతి బయటపడేది అప్పుడే, ఎందుకంటే లోపల ఎండిపోయి ఉన్నది నీళ్ళు పీల్చుకుని ఉబ్బి దారి మొత్తం మూసేస్తుంది. క్లినిక్‌కి వెళ్తే నీళ్ళు కొట్టి తీస్తారు, లేదంటే సన్నటి గొట్టంతో లాగేసే మైక్రోసక్షన్ చేస్తారు. ఏది మంచిది అని అందరూ అడుగుతారు గానీ ముందు చూడాల్సింది ఆ గులిమి వెనకాల ఏముందో మనకి తెలుసా లేదా అని.

నీళ్ళతో తీసేటప్పుడు పెద్దవాళ్ళకైతే చెవి డొప్పని పైకీ వెనక్కీ లాగి పట్టుకుని, ధారని గులిమి మీదకి కాకుండా చెవి కాలువ పైగోడ వెనక వైపుకి కొడతారు. నీళ్ళు సందులోంచి లోపలికి వెళ్ళి, కర్ణభేరి దగ్గర తిరిగి వస్తూ వెనకనుంచి గులిమిని బయటికి తోస్తాయి, నేరుగా గులిమి మీద కొడితే అది ఇంకా లోపలికి పోతుంది. నీళ్ళు ఒంటి వేడికి దగ్గరగా, అంటే 37 డిగ్రీలు ఉండాలి. అంతకన్నా చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా లోపలి చెవిలో బ్యాలెన్స్ చూసే భాగం కదిలిపోయి గది గిర్రున తిరిగినట్టు అవుతుంది. పాత రోజుల పెద్ద స్టీల్ సిరంజిలో ప్రెషర్ మొత్తం చేతి బలం మీదే ఉండేది, అందుకే బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2018లో పెద్దవాళ్ళకి చేతి సిరంజి వాడొద్దని చెప్పి, ప్రెషర్ కంట్రోల్ ఉన్న ఎలక్ట్రానిక్ మెషిన్ గానీ మైక్రోసక్షన్ గానీ వాడమంది.

మెషిన్ ఎంత మంచిదైనా నీళ్ళు వెళ్ళే చోటు మాత్రం కళ్ళకి కనపడదు. మైక్రోసక్షన్‌లో అలా కాదు, మైక్రోస్కోప్‌లో చూస్తూ సన్నటి గొట్టంతో కొంచెం కొంచెంగా లాగుతారు.

ఒక ఉదాహరణ చెప్తాను. 62 ఏళ్ళాయన, షుగర్ ఉంది, కుడి చెవి మూసుకుపోయిందని వచ్చాడు అనుకుందాం. చెవి ప్రాబ్లం ఏమైనా ఉందా అంటే లేదంటాడు. అదే "చిన్నప్పుడు చెవిలోంచి చీము కారేదా అండీ" అని అడిగితే, "ఆ, స్కూల్లో ఉన్నప్పుడు కారేది, తర్వాత అదే తగ్గిపోయింది" అంటాడు. ఆ ఒక్క మాటతో నీళ్ళు కొట్టే ఆలోచన పక్కన పెట్టేయాలి. కర్ణభేరికి పాత చిల్లు ఉండొచ్చు, గులిమి అడ్డం ఉంది కాబట్టి కనపడదు. నీళ్ళు కొడితే చిల్లులోంచి మధ్య చెవిలోకి వెళ్ళి నొప్పి, మళ్ళీ చీము. కొందరికైతే గొంతులోకి నీళ్ళు దిగినట్టు తెలుస్తుంది, అలా అనిపిస్తే అక్కడికక్కడే ఆపమనాలి. షుగర్ ఉన్న పెద్దవయసు వాళ్ళకి ఇంకో భయం, కాలువ చర్మం గీరుకుపోయి తడి నిలిస్తే ఆ ఇన్ఫెక్షన్ అరుదుగా పుర్రె ఎముక దాకా పాకుతుంది, రాత్రి నిద్రపట్టనంత నొప్పి దాని గుర్తు.

కాబట్టి ఈయనకి సక్షన్. గులిమి రాయిలా ఉంది, చిల్లు అనుమానం ఉన్నప్పుడు ఇంట్లో మెత్తబరిచే చుక్కలు వేసుకుని రమ్మనడం కూడా సరికాదు, అందుకని ముందు చిన్న కొక్కెంతో అంచు వదులు చేసి, ఊడిన ముక్కని గొట్టంతో లాగుతారు. తీస్తున్నంతసేపూ చెవిలో పెద్ద హోరు, గొట్టం కర్ణభేరి దగ్గరికి వెళ్ళేకొద్దీ ఇంకా ఎక్కువ. గాలి లాగడంవల్ల లోపల చల్లబడి కాసేపు తల తిరగొచ్చు. తల తిప్పకుండా "ఆపండి" అని నోటితో చెప్పాలి, అదాటున కదిలితే గొట్టం గీరుకుంటుంది.

మరి నీళ్ళు ఎవరికి అంటే, కర్ణభేరి బాగుందని తెలిసి, చెవి ఆపరేషన్, కర్ణభేరిలో పెట్టే చిన్న గొట్టం గ్రోమెట్, చీము లాంటివి ఏవీ లేనివాళ్ళకి. ముందు కొన్ని రోజులు చుక్కలు వేసి మెత్తబరిస్తే సులువుగా వచ్చేస్తుంది. చెవిలో ఎప్పుడూ కుయ్యిమనే మోత ఉండి సక్షన్ హోరు భరించలేని వాళ్ళకీ ఇదే నయం. ఒక్క చెవే పనిచేసే వాళ్ళకి మాత్రం నీళ్ళు వద్దు, ఉన్న ఆ ఒక్కదానితో రిస్క్ తీసుకోకూడదు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళు సక్షన్ అయినా సరే ముందే చెప్పాలి, అక్కడి చర్మం చాలా పలచన, చిన్న గీతకే రక్తం వస్తుంది. కదలకుండా ఉండలేని చిన్నపిల్లలకి రెండూ కష్టమే, తప్పనిసరైతే మత్తిచ్చి తీస్తారు.

మన పెద్దాయన సంగతికొస్తే గులిమి మొత్తం వచ్చాక కర్ణభేరిలో చిన్న చిల్లు కనపడింది. వినికిడి మెరుగైంది గానీ ఎడమ చెవంత రాలేదు, మిగిలిన లోటు ఎంతో తేలడానికి ఆడియోగ్రామ్ రాశారు, తలస్నానం అప్పుడు వాజలిన్ రాసిన దూది పెట్టుకోమన్నారు.