సీడీ లెక్క: బిల్లు మొత్తం రాయాలా, తగ్గించి రాయాలా?

మిర్యాలగూడలో రైస్ మిల్లులకు లెక్కలు రాస్తుంటాను. బాకీ తొందరగా కట్టినవాళ్లకు ఇచ్చే తగ్గింపును ఇక్కడ అందరూ సీడీ అంటారు, అంటే క్యాష్ డిస్కౌంట్. దాన్ని పుస్తకంలో రాయడానికి గ్రాస్, నెట్ అని రెండు పద్ధతులున్నాయి. వీటి మీద నేను తరచూ వినే మాటలకు ఒకే బిల్లు పెట్టి జవాబు చెప్తాను.

మార్చి 25న మహబూబ్‌నగర్ డీలరుకు 26 కిలోల బస్తాలు 200 పంపాం అనుకోండి. బస్తా 1,250 చొప్పున బిల్లు 2,50,000. బస్తా 25 కిలోలు దాటింది కాబట్టి దీని మీద జీఎస్టీ లేదు. పది రోజుల్లో కడితే 2 శాతం సీడీ, లేకపోతే ముప్పై రోజుల్లో మొత్తం కట్టాలి.

అపోహ: నెట్ పద్ధతిలో రాస్తే లాభం తగ్గుతుంది.

గ్రాస్‌లో డీలరు ఖాతాకు 2,50,000 బాకీ రాసి, అమ్మకానికి అంతే జమ రాస్తాం. అతను గడువులో 2,45,000 కడితే మిగిలిన 5,000 సీడీ ఖాతాలో ఖర్చుగా వేస్తాం. నెట్‌లో మొదటి రోజే బాకీ, అమ్మకం రెండూ 2,45,000కే రాస్తాం. అతను గడువులో కడితే ఇంకో ఎంట్రీ అక్కర్లేదు. గడువు దాటితే అతని ఖాతాలో 5,000 పెంచి, 'వాడుకోని సీడీ' అని ఆదాయం రాస్తాం. గడువులో కడితే రెండు పద్ధతుల్లోనూ మనకు మిగిలేది 2,45,000, దాటితే 2,50,000. మొత్తంలో తేడా లేదు, ఏ ఖాతాలో కనిపిస్తుందన్నదే తేడా. నెట్‌లో ఆ 5,000ను అమ్మకంలో కలపరు, ఎందుకంటే అది బియ్యం ధర కాదు, ఇరవై రోజులు ఉద్దెర వాడుకున్నందుకు వచ్చింది. వడ్డీగా లెక్కేస్తే ఏడాదికి దాదాపు 37 శాతం పడుతుంది. బ్యాంకు వడ్డీ అంత ఉండదు, అందుకే చేతిలో డబ్బున్న డీలరు సీడీ వదులుకోడు.

అపోహ: డబ్బు ఏప్రిల్‌లో వచ్చింది కాబట్టి సీడీ కూడా ఏప్రిల్ ఖర్చే.

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. డీలరు ఏప్రిల్ 3న కట్టాడు, గడువు 4 దాకా ఉంది. గ్రాస్‌లో మార్చి 31 నాటికి బాకీ 2,50,000గానే ఉంటుంది. అమ్మకం పాత ఏడాదిలో, దాని సీడీ కొత్త ఏడాదిలో పడతాయి. అంటే పాత ఏడాది లాభం 5,000 ఎక్కువ కనిపిస్తుంది. ఒక్క బిల్లయితే వదిలేయొచ్చు, కానీ మార్చి చివరి వారంలో నలభై లారీలు పోతే వదిలేయలేం. అందుకే మార్చి 31న గడువు దాటని బిల్లులన్నీ తీసి, ఇవ్వాల్సి రావచ్చనుకున్న సీడీకి ప్రొవిజన్ కట్టాలి, అంటే పాత ఏడాదిలోనే ఖర్చు రాసి పెట్టాలి. ఏప్రిల్‌లో ఇచ్చిన సీడీని ఆ ప్రొవిజన్‌లోంచి తీసి, మిగిలింది వెనక్కి తిప్పాలి. నెట్‌లో ఈ పని ఉండదు.

అపోహ: అలాగైతే నెట్టే మేలు.

ఒప్పుకోను. అదే డీలరు ఏప్రిల్ 20న, గడువు దాటాక, నిమ్మళంగా 2,45,000 వేశాడనుకోండి. నెట్ పుస్తకంలో ఏప్రిల్ 5న 5,000 పెంచడం గుమాస్తా మరిచిపోతే బాకీ సున్నా అవుతుంది, ఎవరికీ అనుమానం రాదు. గ్రాస్‌లో మాత్రం ఆ 5,000 అతని పేరు మీద కనిపిస్తూనే ఉంటుంది. నేను చూసే ఒక మిల్లులో ఏడాదిపాటు ఇలాగే జరిగింది. డీలర్లను బ్యాలెన్స్ అడిగినప్పుడు ఒకతను తన పుస్తకంలో పాతిక వేలు ఎక్కువ చూపించాడు. "మనకు రావాల్సిన పైసలు మనమే మాఫ్ చేసినమా సారూ?" అన్నాడు సేటు. డీలరు పూర్తి బిల్లు రాసుకున్నాడు, మనం నెట్ రాశాం. మనిషి నిజాయితీపరుడు కాబట్టి బయటపడింది. గడువు తేదీలను రోజూ చూసే మనిషి లేని చోట నెట్ వద్దు. చిన్న మిల్లుకు గ్రాస్, మార్చిలో ప్రొవిజన్, ఇదే నా పద్ధతి. ఇండ్ ఏఎస్ అనే అకౌంటింగ్ ప్రమాణాలు వర్తించే పెద్ద కంపెనీల దారి వేరు, ఇవ్వబోయే సీడీని అంచనా వేసి అమ్మకం రాసేటప్పుడే తగ్గించాలి.

అపోహ: వచ్చిన డబ్బు మీద 2 శాతం వేస్తే చాలు.

గడువులో డీలరు 1,22,500 కట్టాడు, కట్టినంత వరకు సీడీ ఇస్తామని ముందే మాట ఉంది. చాలామంది 2,450 ఇచ్చేస్తారు. కానీ 2 శాతం బిల్లు మీద, వచ్చిన డబ్బు మీద కాదు. 1,22,500ను 0.98తో భాగిస్తే 1,25,000 వస్తుంది. తీరిన బిల్లు అంత, సీడీ 2,500. మిగతా సగం 1,25,000 నిలుస్తుంది. ట్యాలీలో ఈ సీడీ జర్నల్‌ను `On Account` అని కాకుండా `Agst Ref`తో ఆ బిల్లుకే తగిలించండి. లేకపోతే బిల్లు వారీ బాకీల్లో 1,27,500 చూపిస్తుంది, వసూలుకు పోయిన కుర్రాడు డీలరు దగ్గర మాటలు పడి వస్తాడు.