పుల్లలా ఉన్నదల్లా పుల్ల పురుగు కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

వానలు తగ్గుముఖం పట్టి గడ్డి ఏపుగా పెరిగే రోజుల్లో వరంగల్ చుట్టుపక్కల నుంచి నాకు పురుగుల ఫొటోలు ఎక్కువగా వస్తుంటాయి. గుర్తింపులో ఎక్కువ తప్పులు గొల్లభామల దగ్గరే జరుగుతాయి. పుల్ల పురుగు, ఆకు పురుగు, గొల్లభామ మూడూ దాక్కోవడంలో ఆరితేరినవే. అందుకే ఆకారాన్ని మాత్రమే నమ్మితే మోసపోతాం.

అపోహ: సన్నగా, పొడవుగా పుల్లలా ఉంటే అది పుల్ల పురుగే.

శరీరం పుల్లలా ఉందంటే అది పుల్లల మధ్యో గడ్డిలోనో బతుకుతోందని తెలుస్తుంది, అంతే. దాని జాతి ఏమిటో తెలియదు.

పోయిన అక్టోబరులో ఒక డిగ్రీ విద్యార్థిని పాకాల చెరువు గట్టున తీసిన ఫొటో పంపింది. ఎండుగడ్డి రంగు పురుగు ముందు కాళ్లను తలకు ముందుగా చాచి, గడ్డి కాడకు అంటుకుని ఉంది. "పుల్ల పురుగు దొరికింది సార్" అని రాసింది. చూడగానే నాకూ అలాగే అనిపించింది. అలాంటప్పుడు నేను తలను, రంగును వదిలేసి, కాళ్లు శరీరానికి ఎక్కడెక్కడ అతుక్కుని ఉన్నాయో చూస్తాను.

గొల్లభామకు మొదటి జత కాళ్లు తలకు దగ్గరగా ఉంటాయి. ఆ తర్వాత కాళ్లు లేని పొడవాటి భాగం ఒకటి వస్తుంది. చాలామంది దాన్ని మెడ అనుకుంటారు కానీ అది ఛాతీలోని మొదటి ఖండితం. అది దాటాక రెండో జత, మూడో జత పక్కపక్కనే ఉంటాయి. పుల్ల పురుగుకు ఆ మొదటి ఖండితం పొట్టిగా ఉంటుంది, దాని వెనక ఉన్న రెండూ సాగి ఉంటాయి. కాబట్టి మూడు జతల కాళ్లూ దూరం దూరంగా ఉంటాయి. రెండో జతకూ మూడో జతకూ మధ్య కూడా చెప్పుకోదగ్గ ఎడం కనిపిస్తుంది.

పాకాల ఫొటోలో వెనక రెండు జతలూ ఒకేచోట నుంచి బయలుదేరినట్టు ఉన్నాయి. అంటే అది గొల్లభామ. ఇంకో ఫొటో ఉందా అని అడిగితే ముఖం కనిపించేది పంపింది. పెద్దది చేసి చూస్తే ముందు కాలి లోపలి అంచున ముళ్ల వరుస ఉంది, కళ్లు రెండు కొమ్ముల్లా మొనదేలి ఉన్నాయి. అది గడ్డిలో బతికే గొల్లభామ, పేరు షైజోసెఫాలా బైకార్నిస్. ఆ పేరులో రెండో మాటకు రెండు కొమ్ములున్నది అని అర్థం.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. పురుగుకు ఎదురుగా నిలబడి తీస్తే కాళ్ల మధ్య ఎడం కుదించుకుపోయి కనిపిస్తుంది. అందుకే పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి తీయమని అందరినీ అడుగుతాను.

అపోహ: ఆకులా ఉంటే ఆకు పురుగు.

మన జిల్లాల నుంచి ఈ పేరుతో నాకు వచ్చిన ఫొటోల్లో అసలైన ఆకు పురుగు ఇంతవరకు ఒక్కటీ లేదు. మన దేశంలో అవి పడమటి కనుమల్లో, ఈశాన్యంలో ఉండే తేమ అడవుల జీవులు. ఇక్కడ ఆ పేరుతో చలామణి అయ్యేది ఎక్కువగా ఆకుపచ్చ మిడత. మిడత దేహం అంచు మీద నిలబెట్టిన ఆకులా ఉంటుంది, ఆకు పురుగు పళ్లెంలో పరిచిన ఆకులా బల్లపరుపుగా ఉంటుంది. గెంతడానికి పనికొచ్చే బలమైన వెనక తొడలు కనిపిస్తే ఇక ఆలోచించక్కర్లేదు, అది మిడతే.

అపోహ: రెక్కలు లేకపోతే పిల్ల, ఉంటే పెద్దది.

గొల్లభామల్లో ఇది సగం నిజం. పుల్ల పురుగుల్లో అయితే అసలు పనికిరాదు, ఎందుకంటే వాటిలో చాలా జాతులకు పెద్దయినా రెక్కలు రావు. గొల్లభామల్లోనూ కొన్ని జాతుల ఆడవాటికి పెద్దయ్యాక పొట్టి రెక్కలే ఉంటాయి. వాటిని పిల్లల వీపు మీద ఉండే రెక్క మొగ్గలతో పోల్చుకుని పొరబడతారు. మొగ్గలు దళసరిగా, వీపుకు అతికించినట్టు ఉంటాయి, ఒకదాని మీద ఒకటి పడవు. అసలు రెక్కలు ఎంత పొట్టివైనా పలచగా ఉంటాయి, ఈనెలు తేలి కనిపిస్తాయి, మడిచినప్పుడు ఒకటి రెండోదాన్ని కప్పుతుంది. చిన్న పిల్లల్లో మొగ్గలు కూడా కనిపించవు. కొన్ని జాతుల్లో గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్లలు నల్లగా చీమల్లా ఉంటాయి, వాటిని చీమలనుకుని వదిలేసేవారే ఎక్కువ.

పరిమాణం కూడా నమ్మదగింది కాదు. ఆ అమ్మాయి "నా చూపుడు వేలి కంటే పొడవుంది, పెద్దదే కదా సార్" అని అడిగింది. పై నుంచి తీసిన ఫొటోలో వీపు మీద ఈనెలు లేని రెండు దళసరి మొగ్గలు విడివిడిగా ఉన్నాయి. అంత పొడవున్నా అది ఇంకా పిల్లే.