పెద్ద స్ట్రాటజీ గేమ్‌లు చివర్లో ఎందుకు నత్తనడక నడుస్తాయి: అపోహలు - వాస్తవాలు

గేమింగ్ కంప్యూటర్లు బిగించి ఇవ్వడం, నెమ్మదించినవాటిని చూసి సరిచేయడం నా పని. నా దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో ఒకటి మాత్రం మారదు: "మొదట్లో వెన్నలా నడిచిన గేమ్ వంద గంటల తర్వాత పాకుతోంది, ఏ గ్రాఫిక్స్ కార్డు కొనమంటారు?"

అపోహ: గేమ్ నెమ్మదించిందంటే గ్రాఫిక్స్ కార్డు చాలట్లేదు.

జనాల డబ్బు ఎక్కువగా తగలబెట్టేది ఇదే, అందుకే దీని మీదే ఎక్కువ రాస్తాను. స్టెల్లారిస్, ఫ్యాక్టోరియో, రిమ్‌వరల్డ్ లాంటి గేమ్‌లు తెర మీద బొమ్మ గీయడంతో పాటు మీరు చూడని చోట కూడా ప్రతి మనిషినీ, ప్రతి యంత్రాన్నీ లెక్కగడుతూ ఉంటాయి. ఆట ముదిరేకొద్దీ పెరిగేది ఆ లెక్కే. అది చేసేది సీపీయూ, అందులోనూ ఎక్కువ భాగం ఒక్క కోర్ మీదే పడుతుంది, ఎందుకంటే ఒకదాని ఫలితం తేలితే గానీ దాని మీద ఆధారపడ్డ తర్వాతి లెక్క మొదలవదు.

"కానీ టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 15 శాతమే చూపిస్తోంది కదా" అంటారు. అది అన్ని కోర్ల సగటు. 16 థ్రెడ్‌లున్న సీపీయూలో ఒక థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా మొత్తంలో కనిపించేది 6 శాతం చిల్లరే. పైగా విండోస్ ఆ పనిని ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి తిప్పుతూ ఉంటుంది కాబట్టి కోర్లను విడివిడిగా చూసినా ఏదీ నిండినట్టు అనిపించకపోవచ్చు.

అందుకే నేను ముందు పాజ్ చేయమంటాను. గేమ్ ఆపి, అదే చోట కెమెరాను అటూ ఇటూ తిప్పండి. హాయిగా కదిలితే కార్డుకు ఏ రోగమూ లేదు, లెక్క దగ్గరే ఇరుక్కుంది. ఆపినా తడబడుతుంటే అప్పుడు గ్రాఫిక్స్ సెట్టింగులు తగ్గించడంలో అర్థం ఉంది. ఒక కుర్రాడు పాత కార్డు అమ్మి, అప్పు చేసి కొత్తది కొనబోతూ చివరి నిమిషంలో ఫోన్ చేశాడు, పాపం చాలా టెన్షన్‌లో ఉన్నాడు. పాజ్ చేసి చూడమన్నాను. "అన్నా, అసలు తడబడట్లేదు!" అన్నాడు. కార్డు కొనడం ఆగిపోయింది.

అతనిది ఫ్యాక్టోరియో, యంత్రాలతో ఫ్యాక్టరీ కట్టుకునే గేమ్. ఈ గేమ్ సెకనుకు 60 అప్‌డేట్‌లు చేయాలి, అంటే ఒక్కోదానికి దాదాపు 16.7 మిల్లీసెకన్ల గడువు. F4 నొక్కి `show-time-usage` టిక్ చేస్తే ఒక్కో అప్‌డేట్‌కి ఎంత పడుతుందో, అందులో ఏ పని ఎంత తింటుందో కనిపిస్తుంది (మోడ్‌ల వాటా కూడా). అతనికి 25 మిల్లీసెకన్లు పడుతోంది. వెయ్యిని 25తో భాగిస్తే 40, అంటే సెకనుకు 40 అప్‌డేట్‌లే. గ్రాఫిక్స్ అంతా అడుగుకు దించినా ఆ 25 అలాగే ఉంటుంది.

అందులో సింహభాగం `Entity update` దగ్గర ఉంది, అంటే పనిచేస్తున్న యంత్రాలు, ఇన్సర్టర్లు, పురుగులు. కాబట్టి మందు కూడా ఫ్యాక్టరీలోనే ఉంది. మంచి మాడ్యూళ్లు, బీకన్లు పెట్టి అదే ఉత్పత్తిని తక్కువ యంత్రాలతో తీయడం, కాలుష్యం పాకినంత మేర పురుగుల గూళ్లు తుడిచేయడం. బాయిలర్లు తీసేసి సోలార్‌కి మారడం కూడా మంచిదే, ఎందుకంటే ప్యానెళ్లన్నిటినీ గేమ్ ఒకే గుంపుగా లెక్కేస్తుంది, ఎన్ని పెట్టినా భారం దాదాపు పెరగదు.

అపోహ: ర్యామ్ ఎక్కువ వేస్తే వేగం పెరుగుతుంది.

ఉన్నది నిండిపోతుంటేనే, ఉదాహరణకు సిటీస్ స్కైలైన్స్‌లో అసెట్లు గుట్టలుగా వేసుకున్నప్పుడు. లేదంటే కావాల్సింది వేగమైన ర్యామ్. లక్షల వస్తువుల వివరాలు మెమరీలో చెల్లాచెదురుగా ఉంటాయి, అవి చేతికి అందేదాకా సీపీయూ ఖాళీగా ఎదురుచూస్తుంది. టాస్క్ మేనేజర్‌లో Performance, తర్వాత Memory తెరిచి Speed చూడండి. 3200 అని కొన్న డీడీఆర్4 అక్కడ 2133 లేదా 2400 చూపిస్తుంటే ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే XMP సెట్టింగ్ బయోస్‌లో ఆన్ చేయలేదన్నమాట. పైసా ఖర్చు లేని పని, అయినా ఎందరి కంప్యూటర్లలోనో అది ఆఫ్‌లోనే ఉంటుంది. కొనక తప్పదనుకుంటే ఎక్కువ కోర్ల కోసం పాకులాడకుండా రైజెన్ 7 5800X3D లాగా పెద్ద క్యాష్, అంటే సీపీయూలోపలే ఉండే వేగమైన మెమరీ, ఉన్న సీపీయూ చూడండి, దానికి 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉంది. ఫ్యాక్టరీ ఆ క్యాష్‌లో పట్టనంత పెద్దదైతే మాత్రం దాని లాభం కూడా బాగా తగ్గిపోతుంది.

సేవ్ ఫైల్ పాడైంది, విండోస్ మళ్లీ వేయాలి అనేవి వట్టి పుకార్లు. పాడైన సేవ్ సాధారణంగా తెరుచుకోదు లేదా క్రాష్ అవుతుంది, నెమ్మదిగా నడవదు. కొన్ని నిమిషాలకోసారి ఒక్క క్షణం ఆగి మళ్లీ మామూలైతే అది ఆటోసేవ్ కావచ్చు, వ్యవధి పెంచి చూడండి.

స్టెల్లారిస్ ఆడేవాళ్లకు ఒక మాట. గెలాక్సీ సైజు, ఏఐ సామ్రాజ్యాల సంఖ్య, నివాసయోగ్య గ్రహాల స్లయిడర్ ఆట మొదలుపెట్టే ముందే నిర్ణయించుకోవాలి, మధ్యలో తగ్గించే వీలుండదు. అతిపెద్ద గెలాక్సీ బదులు ఒక మెట్టు చిన్నది తీసుకుని, గ్రహాల స్లయిడర్‌ను సగానికో ఇంకా కిందికో దించితే చివరి వందేళ్లలో రోజులు ఈడ్చుకుంటూ నడవడం చాలావరకు తగ్గుతుంది.