జూనియర్ న్యాయవాదిగా చేరడానికి రాసే ఈమెయిల్: అపోహలు - వాస్తవాలు

సివిల్ కేసులు చూసే మా ఆఫీసుకు ఏటా ఫలితాలు రాగానే జూనియర్ల దరఖాస్తులు వస్తుంటాయి. బాగా చదివిన పిల్లలు కూడా కొన్ని అపోహల వల్ల తమకు తెలిసిన పనిని దాచేసుకుంటున్నారు. అది చూస్తే బాధగా ఉంటుంది.

అపోహ: మూట్ కోర్టులు ఎన్ని ఎక్కువ రాస్తే అంత మంచిది.

వాస్తవం: బార్ కౌన్సిల్ పాఠ్యక్రమంలోనే మూట్ కోర్టు ఉంది కాబట్టి పాల్గొన్నామని చెప్పడం వల్ల ఎవరికీ ప్రత్యేకత రాదు. ఒక్క మూట్ ఎంచుకోండి. ఏ పక్షాన వాదించారు, మెమోరియల్‌లో ఏ అంశం మీరే రాశారు, న్యాయమూర్తి స్థానంలో కూర్చున్నవారు ఏ ప్రశ్న దగ్గర ఆపారు అన్నవి రెండు వాక్యాల్లో చెప్పండి. బహుమతి రాకపోయినా నష్టం లేదు.

అపోహ: ఇంటర్న్‌షిప్ పెద్ద పేరున్న చోట చేస్తేనే విలువ.

వాస్తవం: మూడేళ్ల కోర్సుకు కనీసం 12 వారాలు, అయిదేళ్ల కోర్సుకు 20 వారాలు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. అందరూ చేసేదే కనుక సీనియర్ చూసేది అక్కడ మీ చేతిమీదుగా ఏ కాగితం తయారైందన్నదే. ఒకరు "ప్రముఖ సీనియర్ న్యాయవాది వద్ద నాలుగు వారాలు పనిచేసి విలువైన అనుభవం పొందాను" అని రాశారనుకోండి. అందులో నాకు తెలిసేది ఏమీ లేదు. అదే విషయం ఇలా రాయవచ్చు:

"జిల్లా కోర్టులో నాలుగు వారాలు ఉన్నాను. ఒక శాశ్వత ఇంజంక్షన్ దావాలో ప్రతివాది తరఫున, ఆర్డర్ 39 కింద వేసిన ఐ.ఏ.కు కౌంటర్ తొలి ముసాయిదా రాశాను. పహాణీలను, అమ్మకం దస్తావేజులను తేదీల వారీగా పట్టిక వేశాను."

ఇది చదవగానే రేపు ఏ ఫైలు ఇవ్వవచ్చో తెలిసిపోతుంది. ఇంటర్వ్యూలో నేను అడిగేదీ ఆ కౌంటర్ గురించే, కాబట్టి చేయనిది రాస్తే రెండో ప్రశ్నకే బయటపడుతుంది. కక్షిదారు పేరు, కేసు నంబరు మాత్రం రాయకండి. ఆ ముసాయిదాను నమూనాగా జతచేయకండి. వృత్తి రహస్యం కాపాడతారా లేదా అన్నది అక్కడే కనిపిస్తుంది.

అపోహ: ఎన్‌రోల్‌మెంట్ సంగతి పిలిచినప్పుడు చెప్పవచ్చు.

వాస్తవం: మీకు ఏ పని అప్పగించవచ్చో దాన్నిబట్టే ఉంటుంది. ఎన్‌రోల్ అయితే వకాలత్‌లో మీ పేరు చేర్చవచ్చు, వాయిదాకు పంపవచ్చు. కాకపోతే పరిశోధన, ముసాయిదాలే. అందుకే మొదటి పేరాలోనే ఉన్నది ఉన్నట్టు చెప్పండి: నంబరు, తేదీ, ఏ రాష్ట్ర బార్ కౌన్సిల్, ఆలిండియా బార్ పరీక్ష పాసయ్యారా, ఇంకా రాయాలా. తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ అయితే రెండేళ్లలోపు ఆ పరీక్ష పాసవ్వాలని మాకు తెలుసు, దాని కోసం సెలవు కూడా ఇస్తాం. దరఖాస్తు ఇంకా పెండింగ్‌లో ఉంటే సమర్పించిన తేదీ రాయండి. అప్పటిదాకా సంతకం కింద 'అడ్వకేట్' అని పెట్టకండి. 'న్యాయశాస్త్ర పట్టభద్రుడు' లేదా 'పట్టభద్రురాలు' అంటే చాలు.