అర్హత ఎక్కువైతే ఉద్యోగం రాదా? అపోహలు - వాస్తవాలు

ఫార్మా కంపెనీలకు ఉద్యోగులను వెతికి పెట్టడం నా వృత్తి. హైదరాబాద్‌లో క్వాలిటీ విభాగం మేనేజర్‌గా ఉన్నవారు విశాఖ దగ్గరి పరవాడ ఫార్మా సిటీలో ఒకటి రెండు మెట్లు కిందున్న ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడం తరచూ చూస్తుంటాను. వారి కారణాలు నిజమైనవే. అయినా కొందరు ఎదుటివారిని బెదరగొట్టి, మరికొందరు బతిమాలుతున్నట్టు కనిపించి అవకాశం పోగొట్టుకుంటారు.

అపోహ: రెజ్యూమెలో అనుభవం కొంత దాచేస్తే ఇబ్బంది ఉండదు.

వాస్తవం: ఇంటర్వ్యూ దాకా ఉండకపోవచ్చు. చేర్చుకునే ముందు జరిగే పరిశీలనలో మాత్రం బయటపడుతుంది. పీఎఫ్ యూఏఎన్‌లోని సర్వీస్ హిస్టరీలో పనిచేసిన సంస్థలు, చేరిన తేదీలు, మానేసిన తేదీలు కనిపిస్తాయి. రిలీవింగ్ లెటర్‌లో హోదా రాసి ఉంటుంది. జీతం స్లిప్పులు అడగడం మామూలే. అక్కడ తేడా వస్తే చేతికొచ్చిన ఆఫర్ కూడా పోతుంది.

సంస్థలు, తేదీలు, హోదాలు ఉన్నవి ఉన్నట్టే రాయండి. వివరాలను మాత్రం కుదించండి. నలభై మంది బృందాన్ని నడిపిన సంగతికి ఒక్క వాక్యం చాలు. ఆ ఉద్యోగంలో రోజూ చేయాల్సిన బ్యాచ్ రికార్డుల పరిశీలన, డీవియేషన్ల విచారణ, అంటే నిర్ణీత పద్ధతి ఎక్కడ ఎందుకు తప్పిందో తేల్చే పని, పైకి రావాలి.

అపోహ: ఇంటర్వ్యూలో మన స్థాయి మొత్తం చూపిస్తే కాదనలేరు.

వాస్తవం: ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. ఎదురుగా కూర్చున్న మేనేజర్ మీకంటే ఆరేడేళ్లు చిన్నవారు కావచ్చు. ఈయన నా మాట వింటారా, నా కుర్చీకి ఎసరు పెడతారా, మంచి అవకాశం రాగానే వెళ్లిపోతారా అన్న మూడు అనుమానాలు ఆయన మనసులో ఉంటాయి. పైకి అడగరు. మీ జవాబుల్లోనే వెతుక్కుంటారు.

పదహారేళ్ల అనుభవమున్న ఒక అభ్యర్థి అసిస్టెంట్ మేనేజర్ పోస్టుకు వచ్చారు. బ్యాచ్‌లో డీవియేషన్ వస్తే ఏం చేస్తారని అడిగితే, “మూడు ప్లాంట్లకు ఆ విధానం రూపొందించింది నేనే. మీ దగ్గర కూడా మార్చాల్సినవి ఉంటాయి” అన్నారు. అబద్ధమేమీ కాదు. కానీ అడిగింది పని గురించి, చెప్పింది హోదా గురించి. పైగా ఇంకా చూడని ప్లాంటుకు వంక పెట్టారు.

అదే వ్యక్తి మరో కంపెనీలో అదే ప్రశ్నకు ఇలా చెప్పారు: “ముందు ఆ బ్యాచ్‌ను హోల్డ్‌లో పెట్టిస్తాను. మీ ఎస్‌ఓపీలో ఉన్న గడువులోగా నమోదు చేస్తాను. ఇతర బ్యాచ్‌లపై ప్రభావం ఉందేమో చూస్తాను. షాప్‌ఫ్లోర్‌కు వెళ్లి ఆపరేటర్‌తో మాట్లాడాకే మూలకారణం రాస్తాను. బ్యాచ్‌ను తిరస్కరించాల్సి వచ్చేలా ఉంటే వెంటనే మీ దృష్టికి తెస్తాను.” ఈ జవాబులోనూ పదహారేళ్ల అనుభవం ఉంది. చివరి వాక్యంతో మాత్రం నిర్ణయం ఎవరిదో తనకు తెలుసని కూడా చెప్పారు. తర్వాత, “మొదటి మూడు నెలల్లో ఏ పని మీ చేతి మీద నుంచి తీసేస్తే మీకు తెరిపి?” అని అడిగారు. పేరుకుపోయిన డీవియేషన్ ఫైళ్ల గురించి ఆ మేనేజర్ చాలాసేపు మాట్లాడారు.

అపోహ: “జీతం ఎంతైనా పర్వాలేదు” అంటే సర్దుకుపోయే మనిషని నమ్ముతారు.

వాస్తవం: ఎక్కడా దొరక్క వచ్చారని అనుకుంటారు. ఈ అభ్యర్థి జీతం ఏడాదికి 22 లక్షలు, ఆ పోస్టు బడ్జెట్ 14 లక్షలు. హెచ్‌ఆర్ మొదటి ఫోన్‌లోనే ఆయన, “మీ బడ్జెట్ తెలుసు. సొంత ఇల్లు అనకాపల్లిలో ఉంది, ఇంటి రుణం తీరిపోయింది. 14 నాకు సరిపోతుంది, అంతకు తగ్గితే కుదరదు” అన్నారు. అంకె ఉంది, లెక్క ఉంది, హద్దు కూడా ఉంది. ఇది ఆఖరి రౌండు దాకా నానబెడితే, మేనేజర్‌కు మీరు నచ్చాక హెచ్‌ఆర్ దగ్గర ఆగిపోతుంది.

కొన్ని పెద్ద కంపెనీల్లో గ్రేడును బట్టి అనుభవానికి పైహద్దు ఉంటుంది. అక్కడ ఎంత బాగా మాట్లాడినా ఫలితం ఉండదు కనుక, అదీ ఆ ఫోన్‌లోనే అడిగేయండి.

అపోహ: ఎందుకు దిగుతున్నారంటే ఇంటి కారణం చెబితే చాలు.

వాస్తవం: అది సగమే. అమ్మానాన్నల కోసం వస్తున్నానంటే ఊరెందుకో అర్థమవుతుంది, ఈ ఉద్యోగమే ఎందుకో అర్థం కాదు. పనికి సంబంధించిన కారణం కూడా చెప్పాలి. “నాలుగేళ్లుగా సమీక్షా సమావేశాలు, మనుషుల సర్దుబాట్లతోనే గడుస్తోంది. విచారణలు స్వయంగా చేసి రాయడం నాకు ఇష్టమైన పని, ఈ పోస్టులో అది ఉంది” అని ఆయన చెప్పినది సరిపోయింది. పాత కంపెనీ మీద ఫిర్యాదులు, రెండేళ్లు కదలనన్న ఒట్లు అవసరం రాలేదు.