విలువ రెట్టింపైతే పన్ను రెట్టింపవుతుందా?

ఒక పాఠకుడు ఇలా అడిగారు: "మా ఇంటికి కొత్త మదింపు నోటీసు వచ్చింది. పాత విలువకు సరిగ్గా రెట్టింపు వేశారు. అంటే వచ్చే ఏడాది ఇంటి పన్ను కూడా రెట్టింపు కట్టాలా? అసలు ఇన్నేళ్లూ ఊరుకుని ఇప్పుడు ఒక్కసారిగా ఎందుకు పెంచారు?"

మొదటి ప్రశ్నకు చాలామంది దగ్గర రెడీగా ఉండే జవాబు "అవును". ఆ జవాబు చాలాచోట్ల తప్పు. ఆ తప్పు బడిలోనే మొదలవుతుందని నా అనుమానం. విలువ ఇస్తారు, రేటు ఇస్తారు, రెండూ గుణించి పన్ను చెప్పమంటారు. ఆ రేటు ఎక్కణ్ణుంచి ఊడిపడిందని ఏ లెక్కల పుస్తకమూ అడగదు. నేనూ చాలా ఏళ్లు పిల్లలకు అలాగే చెప్పాను.

స్థానిక సంస్థ ముందుగా తేల్చుకునేది తనకు ఎంత డబ్బు కావాలన్నది. రోడ్లు, దీపాలు, చెత్త, జీతాలు, అన్నీ కలిపి ఒక మొత్తం. ఇతర ఆదాయాలు తీసేయగా మిగిలిన దాన్ని ఊళ్లోని ఆస్తులన్నిటి మదింపు విలువతో భాగిస్తే రేటు వస్తుంది. కొన్ని దేశాల్లో పద్ధతి ఇదే. కాబట్టి మదింపు విలువ చేసే పని, ఊరి ఖర్చులో మీ వాటా ఎంతో తేల్చడం. అంతకంటే పెద్ద పనేమీ దానికి లేదు.

ఒక తరగతిలో పిల్లలంతా కలిసి ఏదో కొనాలి, ఖర్చు ఎవరి ఎత్తును బట్టి వాళ్లు పంచుకోవాలి అనుకోండి. కొలిచే బద్ద తప్పుడుదై అందరి ఎత్తునూ సగమే చూపించినా ఎవరి వాటా మారదు. అందరూ ఒకే నిష్పత్తిలో పెరిగినా మారదు. ఒకటో తరగతిలో కొలిచిన ఎత్తులతోనే పదో తరగతిలో కూడా పంచితే మాత్రం చిక్కు. పదేళ్లలో కొందరు తాడిచెట్టులా పెరిగారు, కొందరు అక్కడే ఉన్నారు. పాత కొలత వల్ల ఎదిగినవాడికి లాభం, ఎదగనివాడికి నష్టం.

ఇప్పుడు ఇదే ఇళ్లతో చూద్దాం. ఊళ్లో మూడే ఇళ్లు. మదింపు జరిగిన రోజున వాటి విలువలు 100, 200, 300. మొత్తం 600. ఊరికి కావలసింది 12. రేటు 12 బై 600, అంటే నూటికి 2. పన్నులు వరసగా 2, 4, 6. న్యాయంగానే ఉంది.

పదేళ్లు గడిచాయి. మొదటి ఇంటి పక్కకు రైలు స్టేషన్ వచ్చి దాని ధర మూడింతలైంది. రెండోది ఒకటిన్నర రెట్లు పెరిగింది. మూడోది ఉన్నచోటే ఉంది. ఈ రోజు అమ్మితే మూడు ఇళ్లకూ ఒకే ధర, 300. పుస్తకంలో మాత్రం ఇంకా 100, 200, 300 అనే ఉంది కాబట్టి పన్నులు కూడా 2, 4, 6గానే ఉన్నాయి. ఒకే ధర చేసే ఇళ్లలో ఒకటి మరొకదానికి మూడింతలు కడుతోంది.

కొత్త మదింపు చేద్దాం. మొత్తం విలువ 900. కావలసింది అదే 12. రేటు నూటికి 1.33కి దిగుతుంది. మూడు ఇళ్లూ తలా 4 కడతాయి. విలువ మూడింతలైన ఇంటి పన్ను రెట్టింపైంది. విలువ ఒకటిన్నర రెట్లైన ఇంటి పన్ను కదలలేదు. విలువ అస్సలు పెరగని ఇంటి పన్ను తగ్గింది. ఊరి మొత్తం విలువ ఒకటిన్నర రెట్లు పెరిగింది కదా, గీత సరిగ్గా అక్కడే పడుతుంది. అంతకు పైన పెరిగినవాళ్లకు పన్ను పెరుగుతుంది, కింద ఉన్నవాళ్లకు తగ్గుతుంది.

దీనికో షరతు ఉంది. మొత్తం విలువ పెరిగాక సంస్థ రేటును దించాలి. దించకుండా నూటికి 2 దగ్గరే ఉంచితే 12 బదులు 18 వసూలవుతుంది, పైగా "మేం రేటు పెంచలేదు" అని చెప్పుకోవచ్చు కూడా. అందుకే అమెరికాలో యూటా వంటి రాష్ట్రాల్లో, గత ఏడాది అంతే ఆదాయం తెచ్చే రేటు ఎంతో ముందు లెక్కగట్టి చూపాలి. అంతకంటే ఎక్కువ కావాలంటే బహిరంగ విచారణ పెట్టాలి. రేటును చట్టమే స్థిరంగా కట్టేసిన చోట్ల పై లెక్క నడవదు, అక్కడ విలువ పెరిగితే పన్ను నేరుగా పెరుగుతుంది.

కొలత పాతబడితే రేటు ఎంత విచిత్రంగా మారుతుందో చూడాలంటే జర్మనీకి వెళ్లాలి. అక్కడ 2024 దాకా పన్నుకు వాడిన ఇళ్ల విలువలు పశ్చిమ భాగంలో 1964 నాటివి, తూర్పు భాగంలో 1935 నాటివి. ఆ 1964 విలువలు కూడా వాడుకలోకి వచ్చింది 1974లో, అంటే పుట్టుకతోనే పదేళ్ల ముసలివి. ఆరేళ్లకోసారి కొత్తగా విలువ కట్టాలని చట్టంలో ఉన్నా ఆ పని జరగలేదు. ధరలు పెరుగుతున్నా మదింపు విలువ కదలదు కాబట్టి, ఆ చిన్న అంకె నుంచే సరిపడా డబ్బు రాబట్టడానికి ఊళ్లు తమ చేతిలోని గుణకాన్ని, అంటే విలువను బట్టి వచ్చే మూల పన్నును హెచ్చించే శాతాన్ని, పెంచుతూ పోయాయి. బెర్లిన్‌లో అది 810 శాతానికి చేరింది. వినగానే గుండె ఆగేలా ఉన్న ఆ అంకె నిజానికి భారీ పన్నుకు గుర్తు కాదు, కింద ఉన్న విలువ ఎంత పాతదో చెప్పే గుర్తు. విలువలు కొత్తగా కట్టాక 2025 నుంచి బెర్లిన్ దాన్ని 470కి దించింది.

2018 ఏప్రిల్ 10న జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఆ పాత విలువల పద్ధతిని కొట్టేసింది. విలువలు మరీ తక్కువగా ఉండటం కోర్టుకు పట్టలేదు. అన్నీ ఒకే నిష్పత్తిలో తక్కువగా ఉంటే గొడవే లేదు. ఒక్కో ఇల్లు ఒక్కో నిష్పత్తిలో వెనకబడటమే సమానత్వానికి విరుద్ధమంది. అంటే మన ఎత్తుల కథే. సుమారు 3.6 కోట్ల ఆస్తులకు, 2022 జనవరి 1ని ప్రాతిపదికగా పెట్టుకుని, మళ్లీ విలువ కట్టాల్సి వచ్చింది. వాయిదా వేసిన పని ఎంత పెద్దదవుతుందో చూడండి. పెద్దదయ్యేకొద్దీ ఇంకా వాయిదా వేయాలనిపిస్తుంది. ఎందుకంటే, కొత్త మదింపులో పన్ను తగ్గినవాళ్లు నోరు మెదపరు, పెరిగినవాళ్లు వీధిలోకి వస్తారు. ఇంగ్లండ్‌లో ఇళ్ల మీద వేసే పన్నుకు ఇప్పటికీ 1991 నాటి ధరలే ఆధారం.

సరే, రాజకీయం పక్కన పెడదాం. ఏటా నిజాయితీగా మదింపు చేసినా అది మార్కెట్ కంటే వెనకే ఉంటుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే.

మదింపు అధికారికి కనిపించేవి అమ్ముడైన ఇళ్ల ధరలే. నూటికి నాలుగైదు ఇళ్లే ఏడాదిలో చేతులు మారతాయనుకుందాం. మిగతా తొంభై ఐదింటి విలువను వాటినుంచే ఊహించాలి. అమ్ముడైనవాటిలో ఎవరో బంధువుకు చవగ్గా ఇచ్చినవి, అప్పు తీర్చలేక తెగనమ్మినవి ఏరేస్తే మిగిలేది ఇంకా తక్కువ. అందుకని ఒక్క ఏడాది చాలదని మూడేళ్ల అమ్మకాలు కలుపుతారు. మూడేళ్ల సగటు చూపేది మధ్యలోని రోజును, అంటే ఏడాదిన్నర కిందటి ధరను. తర్వాత నోటీసులు, అభ్యంతరాలు, అప్పీళ్లు అయి బిల్లు చేతికొచ్చేసరికి ఇంకో ఏడాది. మొత్తం రెండున్నరేళ్లు. ధరలు ఏటా నూటికి 10 చొప్పున పెరుగుతున్న ఊళ్లో, రెండున్నరేళ్ల కిందట 100 ఉన్న ఇల్లు ఈ రోజు సుమారు 127. ఎవరూ ఏ తప్పూ చేయకుండానే మదింపు ఐదో వంతు తక్కువైపోయింది. అమ్మకం జరిగిన తేదీని బట్టి ధరను ముందుకు సవరించే పద్ధతులున్నాయి, వాటితో కొంత తేడా తగ్గుతుంది. ఏటా మదింపు చేసే నెదర్లాండ్స్‌లో కూడా ఈ ఏటి పన్నుకు వాడేది పోయిన ఏడాది జనవరి 1 నాటి విలువనే.

ధరలు పడిపోయేటప్పుడు ఇదే ఆలస్యం తిరగబడుతుంది. 2008 తర్వాత డెట్రాయిట్‌లో ఇళ్ల ధరలు కుప్పకూలాయి, మదింపులు అంత వేగంగా దిగలేదు. చవకబారు ఇళ్లవాళ్లు లేని విలువ మీద పన్ను కట్టారు.

చట్టమే ఆలస్యాన్ని కోరి తెచ్చుకున్న చోటు ఒకటుంది, కాలిఫోర్నియా. 1978 నుంచి అక్కడ మదింపు విలువ ఏడాదికి నూటికి 2కు మించి పెరగకూడదు. ఇల్లు అమ్ముడైన రోజున మాత్రం కొన్న ధరకు ఎగురుతుంది. బడిలో చేరిన రోజున కొలిచిన ఎత్తే ఎప్పటికీ ఎత్తు, కొత్తగా చేరినవాడికి మాత్రం తాజా కొలత అన్నట్టు. 1988లో లాస్ ఏంజెలెస్‌లో ఇల్లు కొన్న ఒకామెకు, 1975 నుంచి అలాంటి ఇళ్లలోనే ఉన్న కొందరు పొరుగువారికన్నా దాదాపు ఐదింతలు పన్ను పడింది. ఆమె సుప్రీం కోర్టుదాకా వెళ్లారు. 1992లో కోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. పాతవాళ్లు తమ ఇంట్లోనే ఉండిపోయేలా చూడటం ప్రభుత్వం పెట్టుకోదగ్గ లక్ష్యమేనంది. దాదాపు ఒకే జబ్బు, రెండు దేశాల కోర్టులు రెండు రకాల తీర్పులు.

మీ ఊళ్లో ఈ జబ్బు ఎంత ముదిరిందో కొలవడానికి ఒక పరీక్ష ఉంది. ఈ మధ్య అమ్ముడైన ప్రతి ఇంటికీ మదింపు విలువను అమ్మిన ధరతో భాగించాలి. మన మూడిళ్ల ఊళ్లో పదేళ్ల తర్వాత ఆ నిష్పత్తులు 0.33, 0.67, 1.00. వాటిని వరసలో పెడితే మధ్యలోది 0.67. దానినుంచి ఒక్కోటి ఎంత దూరమో చూస్తే 0.33, సున్నా, 0.33. సగటు 0.22. దాన్ని మధ్య నిష్పత్తితో భాగిస్తే సుమారు నూటికి 33. మదింపు అధికారుల అంతర్జాతీయ సంఘం విడి ఇళ్లకు పెట్టుకున్న హద్దు 15. మన ఊరు తప్పింది. అంకె 5 కంటే తక్కువొస్తే కూడా అనుమానించాలంటారు. అమ్ముడైన ఇళ్లకు మాత్రమే విలువ దిద్ది, అమ్ముడు కాని వాటిని వదిలేసి ఉండొచ్చు. ఎవరి ఎత్తు తనిఖీ చేస్తారో ముందే తెలిస్తే వాళ్లనే మళ్లీ కొలిచి పెట్టుకున్నట్టు.

పాఠకుడి ఇంటికొస్తే, ఆయన చూడాల్సిన అంకె నోటీసులో లేదు. ఊరి మొత్తం మదింపు విలువ పాతదెంత, కొత్తదెంత అని అడిగి తెలుసుకోమన్నాను. పాతదానికి 2.4 రెట్లట. బడ్జెట్ మారకుండా, రేటు ఆ మేరకు దిగితే, విలువ రెట్టింపైన ఆయన ఇంటి పన్ను ఆరో వంతు తగ్గాలి. దిగుతుందో లేదో రేటు ఖరారయ్యే సమావేశంలో తేలుతుంది. విలువ మీద అప్పీలు రాసి పెట్టుకున్నారట, దాన్ని పక్కన పెట్టి ఆ సమావేశం తేదీ కనుక్కుంటానన్నారు.