దుకాణం రీల్‌లో సినిమా పాట: అపోహలు - వాస్తవాలు

రీల్‌లో పాట వాడినందుకు కాపీరైట్ నోటీసు అందుకుని నా దగ్గరకు వచ్చే చిన్న వ్యాపారులు చెప్పే మొదటి మాట దాదాపు ఒకటే: “ఆ పాట ఇన్‌స్టాగ్రామ్‌లోనే ఉంది కదండీ, మేము ఎక్కడి నుంచీ దొంగిలించలేదు.” అందులో అబద్ధం లేదు. అయితే తగిన లైసెన్సు లేకుండా ఆ పాటలను వాణిజ్య అవసరాలకు వాడరాదని ఇన్‌స్టాగ్రామ్‌ను నడిపే మెటా సంస్థ సంగీత నియమాలే చెబుతున్నాయి. బిజినెస్ ఖాతాలో సినిమా పాటలు సాధారణంగా కనిపించకపోవడానికి కారణం అదే. ఖాతాను క్రియేటర్‌గా మార్చుకుంటే పాటలన్నీ వస్తాయని సలహా ఇచ్చేవారు వీధికొకరు ఉన్నారు గానీ, ఖాతా రకం మారినంత మాత్రాన చీరల ప్రకటన సొంత సరదా అయిపోదు. డబ్బిచ్చి ఇన్‌ఫ్లుయెన్సర్ చేత ఆమె సొంత ఖాతాలో పెట్టించినా అది ప్రకటనే.

ఒక బొటిక్ యజమానురాలు ఈ సలహానే నమ్మి, పట్టుచీరల రీల్స్‌కు 20 సెకన్ల చొప్పున పాటలు జోడించి, కింద ధర, ఫోన్ నంబరు ఇచ్చారు. 30 సెకన్ల లోపు ఎవరైనా వాడుకోవచ్చని ఆమె విన్నారట. 1957 నాటి కాపీరైట్ చట్టంలో అలాంటి సెకన్ల లెక్క ఎక్కడా లేదు. వ్యక్తిగత వినియోగం, విమర్శ, వర్తమాన ఘటనల వార్తలు వంటి వాటికి సెక్షన్ 52 మినహాయింపు ఇస్తుంది. సరుకు అమ్మే ప్రకటన వాటిలోకి రాదు. “క్రెడిట్స్ హక్కుదారులవే” అని రాయడం అనుమతి కాదు. పాటను వేరేవారితో పాడించినా రికార్డింగు హక్కు ఒక్కటే తప్పుతుంది, సాహిత్యం, బాణీల హక్కులు అలాగే ఉంటాయి.

నోటీసు వచ్చాక, అదే చట్టం సెక్షన్ 63లో 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు శిక్ష ఉందని చదివి ఆమె నిద్ర మానేశారు. ఆ సెక్షన్ ఉన్న మాట నిజమే గానీ, నేను చూసే నోటీసులు చాలావరకు వాడకం ఆపమనీ, పరిహారం చెల్లించమనీ అడిగేవే. కంగారులో ఫోన్ చేసి అన్నీ ఒప్పుకోవద్దని, రీల్స్‌కు తేదీలు, వీక్షణలతో జాబితా రాసి, కాపీలు భద్రపరిచాకే తొలగించమని చెప్పాను. తొలగిస్తే జరిగిన వాడకం చెరిగిపోదు, కొత్తది ఆగుతుంది. నోటీసు పంపినవారికి ఏ పాటపై ఏ హక్కు ఉందో పత్రాలు చూపమని అడిగిన తర్వాతే సొమ్ము గురించి మాట్లాడాము. అడిగినదానికన్నా తక్కువకే రాజీ కుదిరింది. ఇప్పుడు ఆమె మెటాయే వాడుకోమని ఇచ్చే సౌండ్ కలెక్షన్‌లోని సంగీతం వాడుతున్నారు.

ఫొటోల విషయానికొస్తే, గూగుల్‌లో కనిపించినది ఉచితమని కాదు. మీరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు మీరే. ఫాంట్లలో “పర్సనల్ యూజ్” అని ఉన్నవాటిని పోస్టర్లకు ముట్టుకోకండి; మండలి, రామభద్ర వంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో దొరుకుతున్నాయి, వ్యాపార పోస్టులకూ పనికొస్తాయి.